తాళం తప్పింది చెల్లి కాదు, నా ఇయర్‌బడ్స్!

పొద్దున్నే ఏడింటికి బాబాయి కూతురు ఫోన్ చేసింది. ‘‘అన్నయ్యా, గురువుగారు వీడియో చూశారు. తాళం తప్పానంటున్నారు. ఇది పంపొద్దన్నారు’’ అంటూ ఏడుపు. నాకు నిద్రమత్తు వదిలిపోయింది. ఎందుకంటే ఆ వీడియో ఎడిట్ చేసింది నేనే. రాత్రి రెండున్నర దాకా కూర్చుని మరీ చేశాను.

సంగతేంటంటే, మా చెల్లి కూచిపూడి నేర్చుకుంటోంది. పోయిన నెల మా ఊరి కల్యాణమండపంలో దాని ప్రదర్శన జరిగింది. నట్టువాంగం, మృదంగం, గాత్రం అన్నీ లైవ్. ఓ నృత్యోత్సవంలో ఎంపికకి ఎనిమిది నిమిషాల వీడియో పంపాలి. గడువు ఆ రోజు సాయంత్రమే. పదేళ్లుగా నేర్చుకున్న పిల్లని, ‘‘తాళం తప్పిందమ్మా’’ అని సొంత గురువుగారే అంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా!

నేను ల్యాప్‌టాప్ తెరిచి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీడియో మళ్లీ ప్లే చేశాను. చెవుల్లో అవే ఇయర్‌బడ్స్. పాదం పడటం, గజ్జెల చప్పుడు, తాళం... అన్నీ కరెక్టుగానే ఉన్నాయి. ‘గురువుగారికే ఏదో పొరపాటు పడి ఉంటుంది’ అనుకున్నాను. పొరపాటు ఎవరిదో తెలియడానికి ఇంకో గంట పట్టింది.

ఆ రాత్రి నేనేం చేశానంటే...

ప్రదర్శనని హాలు మధ్యలో ట్రైపాడ్ మీద పెట్టిన ఫోన్‌తో తీశాను. సెకనుకి 30 ఫ్రేములు. హాల్లో ఫ్యాన్ల హోరు, పిల్లల గోల ఉంటాయని, సౌండ్ మాత్రం మిక్సర్ నుంచి విడిగా రికార్డ్ చేయించాను. స్టేజీ మీద నేలకి దగ్గరగా మైకు ఉంది కాబట్టి గజ్జెల చప్పుడు కూడా అందులో చక్కగా పడింది. అంటే నా దగ్గర బొమ్మ ఒక ఫైల్‌లో, మంచి సౌండ్ ఇంకో ఫైల్‌లో ఉన్నాయి. రెండింటినీ టైమ్‌లైన్ మీద కలపాలి.

ఇంట్లో అందరూ పడుకున్నారు. స్పీకర్ పెడితే అమ్మ లేస్తుంది. అందుకని బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకున్నాను. సౌండ్ ట్రాక్‌ని కాస్త ఇటూ అటూ జరుపుతూ, పాదం నేలని తాకడం, గజ్జె మోగడం ఒకేసారి అనిపించే దాకా సర్దాను. అనిపించింది. ఎక్స్‌పోర్ట్ కొట్టి, చెల్లికి పంపేసి పడుకున్నాను.

తప్పు సరిగ్గా అక్కడే జరిగింది. కానీ అది నాకు కనబడే చోట లేదు, వినబడే చోట ఉంది.

కళ్లు మూసుకుని విను!

ఏం చేయాలో తోచక, ఆ రోజు సౌండ్ చూసుకున్న అన్నకి ఫోన్ చేశాను. పెళ్లిళ్లకీ, నాటకాలకీ ఇరవై ఏళ్లుగా మిక్సర్ దగ్గర కూర్చునే మనిషి. అంతా విని ఒకే మాట అన్నాడు. ‘‘తమ్ముడూ, ఇయర్‌బడ్స్ తీసెయ్. ల్యాప్‌టాప్ స్పీకర్లో పెట్టు. ముందు కళ్లు మూసుకుని విను. తర్వాత కళ్లు తెరిచి చూడు.’’

కళ్లు మూసుకుని విన్నాను. తాళం దెబ్బ, గజ్జెల మోత రెండూ కలిసే పడుతున్నాయి. ఒక్క చోట కూడా తేడా లేదు.

కళ్లు తెరిచాను. గుండె ఝల్లుమంది! గజ్జె ముందు మోగుతోంది. పాదం తర్వాత నేలని తాకుతోంది. ప్రతి అడుగూ అంతే.

‘‘అర్థమైందా? గజ్జెలూ తాళమూ ఒకే సౌండ్ ఫైల్‌లో ఉన్నాయి. ఆ రెండూ కలిసి వినిపిస్తున్నాయంటే మీ చెల్లి తప్పలేదు. గజ్జె మోగాక పాదం పడటం అనేది లోకంలో జరగదు. బొమ్మకి సౌండ్‌ని నువ్వు తప్పుగా అతికించావు’’ అన్నాడు.

ఎన్ని ఫ్రేములు తేడా ఉందో లెక్కపెట్టాను. ఆరు. సెకనుకి 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేమ్ సుమారు 33 మిల్లీసెకన్లు. ఆరు ఫ్రేములంటే 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఐదో వంతు. ‘ఇంతేనా’ అనిపిస్తుంది. కానీ ఆ అంశంలో తాళం వేగం నిమిషానికి దాదాపు 75 దెబ్బలు. దెబ్బకీ దెబ్బకీ మధ్య 800 మిల్లీసెకన్లు. చతురస్రంలో ఆ దెబ్బని ‘త క ధి మి’ అని నాలుగు భాగాలు చేస్తే ఒక్కో అక్షరానికి వచ్చేది సరిగ్గా 200. అంటే ‘త’ దగ్గర పడాల్సిన పాదం నా వీడియోలో ‘క’ దగ్గర పడుతోంది. ఆట మొదటి నుంచి చివరి దాకా ఒక అక్షరం వెనక! గురువుగారికి తప్పు కనిపించకుండా ఎలా ఉంటుంది? ఆయన చూసింది నిజమే. తప్పు మాత్రం పిల్లది కాదు.

చెవి దాకా రావడానికి అంతసేపెందుకు?

వైరున్న హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ కరెంటు రూపంలో తిన్నగా చెవి దాకా వచ్చేస్తుంది. ఆలస్యం మనం పట్టించుకునేంత ఉండదు. బ్లూటూత్‌లో అలా కాదు. ముందు ల్యాప్‌టాప్ ఆ సౌండ్‌ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, కుదించి, ప్యాకెట్లు కడుతుంది. ఈ కుదించే పద్ధతినే కోడెక్ అంటారు. ఎస్‌బీసీ, ఏఏసీ లాంటి పేర్లు సెట్టింగ్స్‌లో మీరు చూసే ఉంటారు. ఆ ప్యాకెట్లు గాల్లో ప్రయాణించి ఇయర్‌బడ్స్‌కి చేరాక, అక్కడ వాటిని విప్పి మళ్లీ సౌండ్‌గా మార్చాలి.

అయితే ఎక్కువ సమయం తినేది ఈ కట్టడం, విప్పడం కాదు. నిల్వ పెట్టుకోవడం! బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ గాలిదారిలోనే చాలా ఇళ్లలో వైఫై కూడా నడుస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ రొద కూడా అక్కడే. కొన్ని ప్యాకెట్లు దారిలో పాడవుతాయి, మళ్లీ పంపాల్సి వస్తుంది. ఆ గ్యాప్‌లో పాట తెగిపోకుండా ఇయర్‌బడ్స్ కొంత సౌండ్‌ని ముందే పోగేసుకుని, ఆ తర్వాత వినిపించడం మొదలుపెడతాయి. మంచినీళ్లు రోజూ సరిగ్గా రాని వీధిలో మనం డ్రమ్ము నింపి పెట్టుకుంటాం చూడండి, అలాగన్నమాట. డ్రమ్ము ఎంత పెద్దదైతే కుళాయి ఆగినా అంత ధీమా. కానీ ఇక్కడ ఆ ధీమాకి ఖరీదు ఆలస్యం.

మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో ఇదంతా కలిసి చాలాసార్లు 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా పోతుంది. నావి 200 దగ్గర ఉన్నాయి. పాట వినేటప్పుడు దీంతో ఏ ఇబ్బందీ లేదు. పాట మొత్తం ఐదో వంతు సెకను లేటుగా మొదలైతే ఎవరికి తెలుస్తుంది? పక్కన బొమ్మ ఉన్నప్పుడే చిక్కు.

ఇప్పుడు నా తప్పు ఎలా జరిగిందో చూడండి. టైమ్‌లైన్ మీద సౌండూ బొమ్మా సరిగ్గా కలిసినప్పుడు, నా చెవికి మాత్రం సౌండ్ 200 లేటుగా చేరింది. ‘సౌండ్ వెనకబడింది’ అనుకుని ట్రాక్‌ని ఆరు ఫ్రేములు ముందుకి లాగాను. నా ఇయర్‌బడ్స్‌లో అది సరిపోయింది. ఫైల్‌లో మాత్రం సౌండ్ ఆరు ఫ్రేములు ముందుకి వెళ్లి కూర్చుంది. గురువుగారు ఫోన్ స్పీకర్లో పెట్టి చూశారు. ఆయన స్పీకర్‌కి నా ఇయర్‌బడ్స్ ఆలస్యంతో సంబంధం ఏముంది? ఆయనకి సౌండ్ ముందు, పాదం వెనక. అంటే నా చెవిలో ఉన్న జబ్బుకి నేను వీడియోకి మందేశాను!

వెనకబడితే క్షమిస్తాం, ముందుకొస్తే క్షమించం

ఇంకో విషయం కూడా నా తప్పుని పెద్దది చేసింది. సౌండ్ కాస్త వెనకబడితే మన మెదడు సర్దుకుంటుంది. ముందుకొస్తే వెంటనే పట్టేస్తుంది. కారణం మన ఊళ్లోనే ఉంది. చెరువు అవతలి గట్టున బట్టలు ఉతుకుతుంటే చూశారా? బట్ట బండకి తగలడం ముందు కనిపిస్తుంది, ‘ధబ్’ మనే చప్పుడు తర్వాత వస్తుంది. మెరుపూ ఉరుమూ అంతే. సౌండ్ సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది, వెలుతురుకి అసలు టైమే పట్టదన్నట్టు ఉంటుంది. కాబట్టి పుట్టినప్పటి నుంచీ లేటు సౌండ్ మనకి అలవాటే. చప్పుడు ముందొచ్చి దెబ్బ తర్వాత పడటం మాత్రం ప్రకృతిలో ఎక్కడా ఉండదు.

టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఇచ్చిన BT.1359 సిఫారసు కూడా ఇదే చెబుతుంది. సౌండ్ సుమారు 45 మిల్లీసెకన్లు ముందుంటేనే చూసేవాళ్లు పసిగడతారట. వెనకబడితే మాత్రం 125 దాకా తెలియదట. నాది ఏకంగా 200 ముందు. దొరికిపోక ఏమవుతుంది?

మరి యూట్యూబ్‌లో తేడా కనిపించదేం?

మీకు ఈ అనుమానం ఈపాటికి వచ్చే ఉంటుంది. అవే ఇయర్‌బడ్స్‌తో సినిమాలు చూస్తాం, పెదాలూ మాటలూ బాగానే కలుస్తాయి కదా? కలుస్తాయి, ఎందుకంటే ఆ యాప్ మీకు తెలియకుండా సర్దుతుంది. ‘ఈ ఇయర్‌బడ్స్‌కి సౌండ్ ఎంత లేటుగా చేరుతుంది?’ అని ఫోన్‌ని అడుగుతుంది. 200 అని తెలిస్తే, బొమ్మని కూడా 200 ఆపి చూపిస్తుంది. రెండూ లేటే కాబట్టి రెండూ కలుస్తాయి. సినిమా ఐదో వంతు సెకను ఆలస్యంగా నడిస్తే మనకి పోయేదేం లేదు.

గేమ్‌లో ఇది కుదరదు. మీరు ట్రిగ్గర్ నొక్కిన క్షణంలోనే బొమ్మ మారాలి, దాన్ని ఆపి ఉంచలేరు. అందుకే తుపాకీ పేలిన కాసేపటికి చప్పుడు వినిపిస్తుంది. ఎడిటింగ్‌దీ ఇంచుమించు అదే కథ. ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ జరుపుతూ, ఆపుతూ చేసే పని కాబట్టి చాలా ఎడిటింగ్ యాప్స్ బొమ్మని వెంటనే చూపిస్తాయి, ఇయర్‌బడ్స్ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోవు. కొన్ని తీసుకుంటాయి. మీ యాప్ ఏ రకమో చూడగానే చెప్పలేం, కొలిచి చూసుకోవాల్సిందే.

చప్పట్లతో కొలత

కొలవడానికి రెండు ఫోన్లు, రెండు చేతులు చాలు. సౌండ్ అన్న చెప్పిన పద్ధతి ఇది. నేనూ అలాగే చేశాను.

ముందు మీరు గట్టిగా నాలుగైదు చప్పట్లు కొడుతూ ఫోన్‌తో వీడియో తీయండి. చేతులు స్పష్టంగా కనబడాలి. ఆ వీడియోని మీ ఎడిటింగ్ యాప్‌లో పెట్టండి. సౌండూ బొమ్మా ఒకే ఫోన్‌తో వచ్చాయి కాబట్టి అవి కలిసే ఉంటాయి, వాటిని ముట్టుకోవద్దు.

ఇప్పుడు ఇయర్‌బడ్స్ లేకుండా, స్పీకర్లో ప్లే చేస్తూ, రెండో ఫోన్‌తో ఆ స్క్రీన్‌ని వీడియో తీయండి. తర్వాత ఇయర్‌బడ్స్ కలిపి, ఒక బడ్‌ని రెండో ఫోన్ మైకు రంధ్రానికి ఆనించి పట్టుకుని, మళ్లీ స్క్రీన్‌ని వీడియో తీయండి. రెండో ఫోన్‌కి మాత్రం ఏ బ్లూటూతూ కలపొద్దు.

ఈ రెండు వీడియోలనీ టైమ్‌లైన్ మీద పెట్టి చూడండి. చప్పుడు ఎక్కడుందో వినక్కర్లేదు. సౌండ్ ట్రాక్ మీద కనిపించే అలల గీత, అదే వేవ్‌ఫామ్, చప్పట్ల దగ్గర శిఖరంలా నిటారుగా లేస్తుంది. చేతులు కలిసిన ఫ్రేమ్ నుంచి ఆ శిఖరం దాకా ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టండి. నాకు స్పీకర్‌తో ఒక ఫ్రేమ్ వచ్చింది, ఇయర్‌బడ్స్‌తో ఏడు. మొదటిది తీసేస్తే ఆరు. అంటే ఇయర్‌బడ్స్ వల్ల అదనంగా వచ్చిన ఆలస్యం 200 మిల్లీసెకన్లు. స్పీకర్‌తో కూడా కొలవమన్నది ఇందుకే. స్క్రీన్ ఆలస్యం, రెండో ఫోన్ సొంత తేడా లాంటివన్నీ రెండు లెక్కల్లోనూ ఉంటాయి, తీసివేతలో పోతాయి.

ఇందులో ఒక ఫ్రేమ్ అటూ ఇటూ అవుతుంది. 60 ఫ్రేముల్లో తీస్తే ఇంకాస్త నికరంగా తెలుస్తుంది. ఒకవేళ రెండు సార్లూ తేడా ఒకేలా వస్తే, మీ యాప్ ఆలస్యాన్ని తనే సర్దుతోందన్నమాట.

అయితే వచ్చిన అంకెని గోడ మీద రాసి పెట్టుకోకండి. అవే ఇయర్‌బడ్స్‌ని ల్యాప్‌టాప్‌కి కాకుండా ఫోన్‌కి కలిపితే కోడెక్ మారవచ్చు, అంకె మారుతుంది. గేమ్ మోడ్ ఆన్ చేస్తే డ్రమ్ము చిన్నదవుతుంది, ఆలస్యం బాగా తగ్గుతుంది. బదులుగా రద్దీ ఉన్న చోట సౌండ్ తెగడం మొదలవుతుంది. అందుకే ‘నా ఇయర్‌బడ్స్ ఆలస్యం 200, కాబట్టి ఎప్పుడూ ఆరు ఫ్రేములు తీసేస్తా’ అనే లెక్క నమ్మదగింది కాదు.

చెవితో కాదు, కంటితో కలపాలి

మరి ఆ రోజు వీడియోని ఎలా బాగుచేశాను? అసలు వినకుండానే!

ఫోన్‌లో తీసిన వీడియోకి దాని సొంత సౌండ్ ఉంటుంది కదా, ఫ్యాన్ల హోరుతో ఉన్నదే. దాన్ని పారేయకుండా టైమ్‌లైన్ మీద ఉంచాను. దాని కింద మిక్సర్ సౌండ్ పెట్టాను. ఆట మొదట్లో నట్టువాంగం తాళాలు ఒక్కసారిగా మోగిన చోట రెండు వేవ్‌ఫామ్‌లలోనూ నిటారు శిఖరం ఉంది. రెండు శిఖరాలూ ఒకే నిలువు గీత మీదికి వచ్చేలా మిక్సర్ ట్రాక్‌ని జరిపాను. తర్వాత ఫోన్ సౌండ్‌ని మ్యూట్ చేశాను. అంతే. చాలా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు సౌండ్‌ని బట్టి క్లిప్పులు కలిపే పనిని తామే చేస్తాయి కూడా.

ఇక్కడ ఓ చిన్న మెలిక ఉంది. నా ఫోన్ స్టేజీకి దాదాపు 12 మీటర్ల దూరంలో ఉంది. అంత దూరం రావడానికి సౌండ్‌కి సుమారు 35 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఫోన్ సౌండే ఒక ఫ్రేమ్ లేటు! దానికి కలిపిన మిక్సర్ సౌండ్ కూడా ఒక ఫ్రేమ్ లేటే అవుతుంది. మామూలుగా అయితే ఇది ఎవరికీ తెలియదు. కానీ ఆట కదా అని, పాదం నేలని తాకిన ఫ్రేమ్ చూసి, గజ్జె శిఖరం దాని మీదికి వచ్చేలా ఒక్క ఫ్రేమ్ ముందుకి జరిపాను. ఆట మధ్యలో ఒక చోట, చివర్లో ఒక చోట కూడా అలాగే పాదమూ శిఖరమూ పోల్చి చూశాను. ఎందుకంటే రెండు వేర్వేరు పరికరాలతో రికార్డ్ చేసినప్పుడు వాటి గడియారాలు కొద్దిగా తేడాగా నడవచ్చు. మొదట్లో కలిసినది పొడవైన వీడియోలో చివరికొచ్చేసరికి జారిపోవచ్చు. ఎనిమిది నిమిషాల్లో నాకు ఆ బెడద రాలేదు.

అసలు ప్రాజెక్ట్ పోయి, ఎక్స్‌పోర్ట్ చేసిన తప్పు ఫైల్ ఒక్కటే మిగిలితే? అప్పుడూ దారి ఉంది. సౌండ్‌ని బొమ్మ నుంచి విడదీసి, అన్ని ఫ్రేములూ వెనక్కి జరిపి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు. ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉంటే ఒక్క లైనుతో అయిపోతుంది:

```
ffmpeg -i dance.mp4 -c:v copy -af adelay=200:all=1 dance_ok.mp4
```

ఇది సౌండ్ ముందు 200 మిల్లీసెకన్ల నిశ్శబ్దం చేరుస్తుంది, బొమ్మని ముట్టుకోదు. కాబట్టి బొమ్మ నాణ్యత తగ్గదు. సౌండ్ ముందుకొచ్చిన ఫైళ్లకే ఇది పనికొస్తుందని గుర్తుంచుకోండి.

చూసేటప్పుడు ఒక దారి, పాడేటప్పుడు ఇంకో దారి

ఎడిటింగ్ జోలికి పోకుండా, డౌన్‌లోడ్ చేసిన సినిమాని బ్లూటూత్‌లో చూస్తుంటే పెదాలు ముందు, మాట వెనక అనిపిస్తే ఫైల్‌ని మార్చకండి. ప్లేయర్‌లో సర్దండి. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్ అయితే `J` నొక్కిన ప్రతిసారీ సౌండ్ 50 మిల్లీసెకన్లు ముందుకొస్తుంది, `K` నొక్కితే వెనక్కి పోతుంది. 200 ఆలస్యానికి `J` నాలుగు సార్లు. ఇది ప్లేయర్‌లో మాత్రమే జరిగే సర్దుబాటు, ఫైల్ చెక్కుచెదరదు. ఇయర్‌బడ్స్ తీసి స్పీకర్‌కి మారినప్పుడు సున్నాకి తెచ్చుకోవాలి, లేకపోతే ఈసారి మాట ముందొస్తుంది.

మరి ఫైల్‌లోనే జరపాల్సిన సందర్భం లేదా అంటే, ఒకటుంది. బ్లూటూత్‌లో మ్యూజిక్ వింటూ, దాని మీద మీరు పాడి రికార్డ్ చేశారనుకోండి. మ్యూజిక్ మీ చెవికే 200 లేటుగా వచ్చింది. మీరు దానికి సరిగ్గా కలిపి పాడారు. అంటే మీ గొంతు టైమ్‌లైన్ మీద 200 లేటుగా పడింది. ఇది చెవిలో భ్రమ కాదు, ఫైల్‌లో నిజంగా ఉన్న తేడా. ఇక్కడ గొంతు ట్రాక్‌ని ఆరు ఫ్రేములు ముందుకి లాగడమే న్యాయం. పాట వింటూ బీట్‌కి తగ్గట్టు మార్కర్లు కొట్టినా ఇదే జరుగుతుంది. మార్కర్లన్నీ లేటుగా పడతాయి. రీల్స్ చేసేవాళ్లకి ‘కట్స్ అన్నీ బీట్ తర్వాత పడుతున్నాయేంటి’ అనిపిస్తే ముందు ఇయర్‌బడ్స్‌ని అనుమానించాలి.

తేడా గుర్తుపట్టడం తేలికే. మీరు కేవలం విని ఉంటే ఫైల్‌ని ముట్టుకోవద్దు. విని, దానికి తగ్గట్టు పాడి ఉంటే, మాట్లాడి ఉంటే, నొక్కి ఉంటే ఫైల్‌లోకి ఆలస్యం ఎక్కింది, దాన్ని సరిచేయాలి.

వీటన్నిటికంటే సులువైంది వైరు. ఫోన్‌కి జాక్ లేకపోతే టైప్-సీ వైరు ఇయర్‌ఫోన్స్ దొరుకుతాయి. వైరు అస్సలు వద్దంటే, సొంత యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే గేమింగ్ హెడ్‌సెట్లలో ఆలస్యం మామూలు బ్లూటూత్ కంటే చాలా తక్కువ. నేనైతే ఇప్పుడు రంగులు చూడటానికి, కట్స్ వేయడానికి బ్లూటూత్ పెట్టుకుంటాను. సౌండ్ జరపాల్సి వచ్చినప్పుడు మాత్రం వైరు తగిలిస్తాను. పంపే ముందు ఒకసారి ఫోన్ స్పీకర్లో చూస్తాను, ఎందుకంటే ఎదుటివాళ్లు చూసేది అందులోనే.

ఆ రోజు పదకొండున్నరకి కొత్త వీడియో గురువుగారికి పంపి, నేనే ఫోన్ చేశాను. ‘‘గురువుగారూ, తప్పు నాదండి. అమ్మాయిది కాదు’’ అని జరిగినదంతా చెప్పాను. ఆయన ఫోన్ పెట్టకుండానే వీడియో చూశారు. ఓ నిమిషం దాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘‘అదీ! మా పిల్ల ఇన్నేళ్లలో తాళానికి వెనక పడలేదు, ఇదేంటా అనుకున్నాను. పంపించు నాయనా’’ అన్నారు.

సాయంత్రం నాలుగింటికి వీడియో వెళ్లిపోయింది. ఎంపిక సంగతి ఇంకా తేలలేదు. చెల్లి మాత్రం నా ఇయర్‌బడ్స్ తీసుకుపోయి తన దగ్గరే దాచుకుంది. ‘‘పాటలు వినడానికి నాకు పనికొస్తాయిలే, నువ్వు వైరు కొనుక్కో అన్నయ్యా’’ అంది. ఎదురు చెప్పడానికి నాకు నోరెక్కడిది!